మూడు నుంచి పది దాకా టికెట్టు

ఖమ్మంలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో నేను కొన్నేళ్ళుగా అరబీ చెబుతున్నాను. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నా ముఖం చూస్తారు, తర్వాత నా సంచీ చూస్తారు, ఖర్జూరాలేమైనా ఉన్నాయేమోనని. నేను పుట్టి పెరిగింది ఇల్లందులో. మా నాన్న బొగ్గు గనిలో పని చేశాడు. ఎడారిని నేను ఫోన్లో తప్ప ఎక్కడా చూడలేదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో అరబీ. ఈ మూడింట్లో దేనితో విసుక్కున్నా మా ఆవిడకు అర్థమవుతుంది కాబట్టి ఇంట్లో నోరు మూసుకునే ఉంటాను.

మా కాలేజీలో అరబీ పెట్టడానికి కారణం అరబీ మీద ప్రేమ కాదు. రెండో భాషగా అరబీ తీసుకుంటే మార్కులు పోస్తారని ఎవరో ప్రచారం చేశారు. అది నమ్మి ఒక ఏడాది ఎనమండుగురు ఆడపిల్లలు చేరారు. వాళ్ళలో ఒక్కరికీ మొదటి అక్షరం అలిఫ్ అంటే ఏమిటో తెలియదు. కుడి నుంచి ఎడమకు రాయాలని చెప్పినప్పుడు మాత్రం సంబరపడిపోయారు. ఇన్నాళ్ళూ పుస్తకం తిరగేసి పట్టుకుంటే దెబ్బలు పడ్డాయట, ఇప్పుడు తిరగేసి పట్టుకోమని సారే చెబుతున్నాడు కదా అని.

పిల్లలు చురుకైనవాళ్ళు. అక్షరాలు నెల తిరగకముందే వచ్చేశాయి. అరబీలో గుండ్రంగా చుట్టి పైన రెండు చుక్కలు పెట్టే ఒక అక్షరం ఉంది. మాట చివర అది తగిలిస్తే చాలావరకు మగ మాట ఆడ మాట అవుతుంది. ముదర్రిస్ అంటే ఉపాధ్యాయుడు, అది తగిలిస్తే ముదర్రిసా, ఉపాధ్యాయురాలు. పిల్లలు ఆ అక్షరాన్ని చూడగానే కొప్పు అన్నారు. గుండ్రటి కొప్పు, అందులో రెండు పూలు. నాకు భలే నచ్చింది. కొప్పు ఉంటే ఆడ, లేకపోతే మగ అని నేనే బోర్డు మీద పెద్దగా రాశాను. నా గొయ్యి నేనే తవ్వుకుంటున్నానని అప్పుడు తెలియదు.

తర్వాత అంకెల పాఠం వచ్చింది. ఒకటీ రెండూ మర్యాదగానే ఉంటాయి, లెక్కపెట్టే పేరు మగదైతే మగగా, ఆడదైతే ఆడగా నడుచుకుంటాయి. మూడు నుంచి పది దాకా మాత్రం అరబీ అంకెలకు తిక్క పుడుతుంది. లెక్కపెట్టేది మగవాళ్ళనైతే అంకె కొప్పు పెట్టుకుంటుంది. ఆడవాళ్ళనైతే కొప్పు తీసేస్తుంది. ముగ్గురు మగవాళ్ళు అనడానికి సలాసతు రిజాల్. చివర వినిపించే ఆ ‘తు’, వెనక ఇంకో మాట వస్తే కొప్పు చేసే చప్పుడే. ముగ్గురు అమ్మాయిలు అనడానికి సలాసు బనాత్. ‘తు’ లేదు, కొప్పు లేదు.

ఈ రెండూ బోర్డు మీద రాసి వెనక్కి తిరిగాను. ఎనమండుగురూ నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారు. ఇల్లందు దగ్గరి తండా నుంచి వచ్చే అమ్మాయి లేచి నిలబడింది. పిల్లలందరి తరఫునా మాట్లాడే బాధ్యత ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు, ఆమే తీసుకుంది.

“మగోళ్ళను లెక్కవెట్టేటందుకు కొప్పెందుకు సార్? మమ్ముల లెక్కవెట్టేటప్పుడు గుంజుకునుడేంది?”

అరబ్బులు అలాగే అంటారమ్మా అన్నాను. అది తప్పని వాళ్ళకు ఎవరూ చెప్పలేదా అని అడిగింది. చెప్పలేదన్నాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా సార్ అంది. నాకు కోపం వచ్చింది. వ్యాకరణ పండితులు ఈ తిక్కకు చెప్పిన కారణాలు నాకు తెలిసినవన్నీ వరసగా చెప్పాను. ఒక్కో కారణం చెప్పిన కొద్దీ పిల్లల ముఖాల్లో అనుమానం పెరిగింది. అన్ని సాకులు చెబుతున్నాడంటే ఏదో దాస్తున్నాడనుకున్నారు.

యూనిట్ టెస్టులో ఆ ప్రశ్నకు ఎనమండుగురూ ఒకే జవాబు రాశారు. అమ్మాయిలకు కొప్పు పెట్టారు, మగవాళ్ళకు తీసేశారు. తండా అమ్మాయి అంతటితో ఆగకుండా కింద తెలుగులో ‘ఇదే న్యాయం’ అని కూడా రాసింది.

ప్రిన్సిపల్ మేడమ్ నన్ను పిలిపించింది. ఆమెది మధిర వైపు, పూర్వం లెక్కలు చెప్పేది. ఎనిమిది పేపర్లూ బల్ల మీద పరిచి పెట్టుకుంది. ఒకరు తప్పు రాస్తే పిల్ల తప్పు, అందరూ ఒకే తప్పు రాస్తే అది ఎవరి తప్పో మీరే చెప్పండి మాస్టారు అంది.  అయినా మూడు మూడే కదండీ, దానికి ఆడేంటి మగేంటి అంది. మన తెలుగులో మూడు మేకలంటాం గానీ ముగ్గురు మేకలనం కదా మేడమ్, మన మూడు కూడా ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకునే రూపం మారుస్తుంది కదా అన్నాను. ఆమె చేతిలోని పెన్ను కింద పెట్టింది. నేను గెలిచాననుకున్నాను.

“అది వేరులెండి” అంది.

విషయం ఏమిటంటే, ఎనిమిది మంది కోసం ఒక గది, ఒక పీరియడ్, ఒక మాస్టారు ఆమెకు బరువయ్యారు. పక్కన సంస్కృతం సెక్షన్‌లో చోటుంది. ఊళ్ళో అరబీ చెప్పి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు, వచ్చే శనివారం ఆయన్ను పిలుస్తాను, పిల్లల్ని ఈ అంకెలే అడుగుతాడు, జవాబులు వస్తే సరే, రాకపోతే సోమవారం నుంచి పిల్లలు సంస్కృతంలో కూర్చుంటారు అని తేల్చేసింది. సంస్కృతంలో మూడుకు మగ, ఆడ, నపుంసకం అని మూడు రూపాలున్నాయి, అక్కడ ఇంకా గొడవవుతుంది అని చెప్పబోయాను. అప్పటికే ఆమె ఫోన్ ఎత్తింది.

 ఇల్లందు, ఖమ్మం మధ్య అరబీ మాస్టారు కావలెను అని బోర్డు పెట్టిన కాలేజీ ఇంకోటి లేదు. మా బావమరిదికి ఇల్లందులో చికెన్ సెంటర్ ఉంది. నేను ఎప్పుడు ఖాళీ అవుతానా, కత్తి ఎప్పుడు చేతికిద్దామా అని చూస్తున్నాడు. నాకు కోడి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఈ సంగతి మా ఆవిడకు చెబితే, కళ్ళు తిరిగితే కూర్చుని కోయొచ్చు అంది.

మర్నాడు పొద్దున ఇల్లందు బస్టాండులో బస్సెక్కాను. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన దగ్గర్నుంచి ఆ బస్సులో నాకు సీటు దొరకడం అన్నది ఒక పాత కథ. మిరపకాయలు ఏరే కూలీలు, కాలేజీ అమ్మాయిలు, దవాఖానాకు పోయే అవ్వలు అందరూ కూర్చుంటారు. వాళ్ళు ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. నేను పైసలు పెట్టి నిలబడతాను. దీని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని బయట అందరితో అంటాను. లోపల ఉంది.

తండా స్టేజీలో మా క్లాసు అమ్మాయి ఎక్కింది, ఎక్కగానే ఆమెకు సీటు దొరికింది. సార్, బ్యాగ్ ఇటియ్యుండ్రి అని నా సంచీ ఒళ్ళో పెట్టుకుంది. వ్యాకరణం విషయంలో నన్ను ముంచిన పిల్ల నా టిఫిన్ డబ్బా మోస్తోంది. కృతజ్ఞత చూపాలో ముఖం తిప్పుకోవాలో తెలియక కిటికీలోంచి జామాయిల్ తోటలు చూశాను. కండక్టర్ వచ్చి నా చేతిలో టికెట్ పెట్టాడు.

దాని వైపు చూస్తూ నిలబడ్డాను. మగవాడికి టికెట్ పడుతుంది. ఆడవాళ్ళకు పడదు. సలాసతు రిజాల్, ‘తు’ పడింది. సలాసు బనాత్, పడలేదు. అది కొప్పు కాదు, టికెట్టు!

నేను పైకే అరిచినట్టున్నాను. కండక్టర్ వెనక్కి వచ్చి, ఏంది సార్, తప్పు కొట్టిన్నా అని టికెట్ లాక్కుని చూశాడు. నువ్వు కొట్టింది సరిగ్గానే ఉంది, నీకంటే ముందు అరబ్బులు కూడా ఇలాగే కొట్టారు అన్నాను. అతను నా పక్కనున్న ముసలాయనతో, సార్‌కు జర జాగ ఇయ్యుండ్రి, నిలవడలేకపోతున్నడు అని చెప్పాడు. ఆ పూట నాకు సీటు దొరికింది.

బస్సు నాకు ఇంకో మేలు కూడా చేసింది. దారిలో కూలీల గుంపొకటి ఎక్కింది. మా వైపు మిరప తోటలకు పోయే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్ చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాల చుట్టుకుంటారు. ఘాటు ఒంటికి తగలకుండా. వెనక నుంచి చూస్తే అందరూ మగవాళ్ళలాగే ఉంటారు. కండక్టర్ కొత్తవాడు, వెనక నుంచి, అన్నా టికెట్ తీస్కోవాలె అన్నాడు. ఆ అన్న వెనక్కి తిరిగి ముక్కుపుడక చూపించింది, తర్వాత ఆధార్ చూపించింది. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు, నేను జేబులోంచి కలం తీసే పనిలో ఉన్నాను. అరబీలోనూ సరిగ్గా ఇదే తిరకాసు ఉంది, పిల్లలకు ఇంకా చెప్పకుండా దాచి ఉంచాను.

ఆ రోజు క్లాసులో కొప్పు తుడిచేశాను. కుర్చీలు రెండు వరసలుగా వేయించి మధ్యలో దారి వదిలాను. ఇది బస్సు అన్నాను. ఈ బస్సు మూడు నుంచి పది దాకానే నడుస్తుంది. పదకొండు నుంచి వేరే బస్సు, దాని రూల్స్ వేరే పాఠంలో ఉన్నాయి, ఇప్పుడు అడగొద్దు. ఈ బస్సులో అంకె ముందు ఎక్కుతుంది, దాని వెనకాలే లెక్కపెట్టే పేరు బహువచనంలో కూర్చుంటుంది, చివరి అక్షరం కింద ‘ఇ’ గుర్తు పెట్టుకుని. రిజాలిన్, బనాతిన్. ఊపిరి తీసుకునే చోట ఆ చివరి ముక్క మింగేసి రిజాల్, బనాత్ అన్నా పరవాలేదు. వెనక కూర్చున్నది మగ అయితే అంకెకు ‘తు’ టికెట్ కొట్టాలి. ఆడ అయితే ఉచితం.

ఒక పిల్ల లేచి మాకు కూడా జీరో టికెట్ ఇస్తరు గద సార్ అంది. జీరో అంటే ఏమీ లేదు కదా, అందుకే ఏమీ రాయం అన్నాను. ఆ జవాబు నాకే ముద్దొచ్చింది.

తండా అమ్మాయిని కండక్టర్ చేశాను. ఆమెకు అధికారం ఇస్తే న్యాయం గురించి అడగదని నా ఎత్తు. ఎత్తు పారింది. నేను పేరు చెబుతాను, ఆమె టికెట్ కొట్టాలో వద్దో చెబుతుంది. రోజులు? యౌమ్ మగ, కాబట్టి సబ్అతు అయ్యామ్, ఏడు రోజులకు టికెట్. రాత్రులు? లైలా ఆడ, కాబట్టి సబ్ఉ లయాల్, ఏడు రాత్రులకు ఉచితం. పుస్తకాలకు టికెట్, కార్లకు ఉచితం. కార్లు బస్సెందుకెక్కినయ్ అని ఎవరో అడిగితే, చెడిపోయినయ్ అని కండక్టరే సర్దిచెప్పింది.

తర్వాత చొక్కాల సంగతి చెప్పాను. హమ్మామ్ అంటే స్నానాల గది, ఇప్పుడు బాత్‌రూమ్‌కు కూడా అదే మాట. బహువచనం హమ్మామాత్. చివర ఆ ‘ఆత్’ చూసి ఆడవాళ్ళ గుంపు అనుకుంటాం, బనాత్ లాగా. కానీ గుంపును చూడొద్దు. ఒక్కదాన్ని పక్కకు పిలిచి ఆధార్ అడగాలి. ఏకవచనంలో హమ్మామ్ మగ. కాబట్టి సలాసతు హమ్మామాత్, టికెట్ కొట్టాల్సిందే. సన అంటే సంవత్సరం, ఆధార్‌లో ఆడ. బహువచనంలో మాత్రం సినీన్ అని, మగ గుంపులకుండే ‘ఈన్’ అనే చొక్కా తొడుక్కుంటుంది. అయినా సబ్ఉ సినీన్, ఉచితమే. మిరప తోటకు పోతున్నట్టుంది సార్ అన్నారు పిల్లలు. ఎనమండుగురికీ ఒక్క దెబ్బతో ఎక్కింది. వాళ్ళ అమ్మలో అత్తలో రోజూ ఆ చొక్కాలే వేసుకుంటారు.

నాకు రెక్కలొచ్చాయి. ఇంటికి పోయి వంటింట్లో కూడా మొదలుపెట్టాను. పళ్ళెం మగ, ఖమ్సతు అత్బాఖ్. చెంచా ఆడ, ఖమ్సు మలాయిఖ్. చెంచాలు ఊరికే పోతాయి, పళ్ళేలు టికెట్ కొనాలి అని మా ఆవిడకు వివరించాను. ఆ టికెట్టేదో కొనుక్కుని పళ్ళేలతో పాటు నన్ను కూడా పుట్టింటికి పొమ్మంటారా అని అడిగింది. నేను అంకెలు మానేసి అన్నం తిన్నాను.

గురువారం దాకా అంతా బాగుంది. శుక్రవారం ఇంకో నియమం మిగిలిందని గుర్తొచ్చింది, చెప్పకపోతే పెద్దాయన అదే అడుగుతాడేమోనని భయమేసింది. ఆడా మగా కలిసిన గుంపుంటే అరబీ దాన్ని మగ గుంపుగానే లెక్కేస్తుంది. ఒక్క మగవాడున్నా చాలు. ఉదాహరణకు మీరు ఎనమండుగురు, నేనొక్కడిని, కలిసి బస్సెక్కాం అన్నాను. మొత్తం తొమ్మిది మంది ప్రయాణికులం. తిస్అతు ముసాఫిరీన్. టికెట్ పడింది.

 కండక్టర్ లేచింది. అంటే మేము ఎనమండుగురం ఆధార్ కార్డులు చూపెట్టినా, మీరొక్కరు ఎక్కిండ్రని అందరికీ టికెట్ కొడ్తరా అని అడిగింది. అవునన్నాను. గిదెక్కడి బస్సు సార్ అంది. మిగతా పిల్లలు పెన్నుల మూతలు పెట్టేశారు. వారమంతా కట్టుకున్న ఇల్లు నా కళ్ళముందే కూలుతోంది.

“సార్, మీరు దిగుండ్రి” అంది కండక్టర్. “మీరు దిగితే మేం ఉచితంగ పోతం.”

నేను వ్యాకరణం ప్రకారం మాట్లాడబోయాను. కండక్టర్ చేత్తో తలుపు చూపించింది. ఆమెకు అధికారం ఇచ్చింది నేనే కదా. దిగాను. వరండాలో నిలబడితే లోపల నుంచి ఎనిమిది గొంతులు సమానీ ముసాఫిరాత్, సమానీ ముసాఫిరాత్ అని జపం మొదలుపెట్టాయి. ఎనమండుగురు ప్రయాణికురాళ్ళు. ‘తు’ లేదు. తప్పు పట్టడానికి అందులో ఒక్క అక్షరం లేదు.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపల్ మేడమ్ అటు వచ్చింది. మీ క్లాసు నడుస్తుంటే మీరు బయటున్నారేంటి మాస్టారు అని అడిగింది. బస్సు నిండిపోయిందండీ అన్నాను.  రేపు పెద్దాయన పది గంటలకు వస్తాడని చెప్పి వెళ్ళిపోయింది. చికెన్ సెంటర్ వాసన నాకు అక్కడికే వచ్చింది.

శనివారం పొద్దున బస్సులో తండా అమ్మాయి నా సంచీ తీసుకుంది గానీ మాట్లాడలేదు.  బతిమాలాలని నోటి దాకా వచ్చింది. ఉన్న నియమం ఒప్పుకోమని ఒక పిల్లను బతిమాలడమేమిటని అభిమానం అడ్డొచ్చింది. నా ఉద్యోగం ఆమె ఒళ్ళో నా టిఫిన్ డబ్బా పక్కనే కూర్చుని ఖమ్మం దాకా వచ్చింది.

పెద్దాయన వచ్చాడు. తెల్ల గడ్డం, చేతికర్ర, చంకలో కుర్చీ మీద వేసుకోవడానికి సొంత దిండు. రాగానే ముందు బాత్‌రూమ్ ఎక్కడుందని అడిగాడు. మా కాలేజీలో అవి మూడున్నాయి. ఒకదానికి తాళం, ఒకదానికి గడియ లేదు, మూడోదానికి నీళ్ళు లేవు. ఆయన మూడూ తిరిగి చాలాసేపటికి వచ్చి, దిండు వేసుకుని కూర్చుని, మొట్టమొదటి ప్రశ్నగా మూడు బాత్‌రూములు అనడానికి ఏమంటారని అడిగాడు. ఆ గొంతులో వ్యాకరణం కంటే బాధే ఎక్కువుంది.

కండక్టర్ లేచింది. కళ్ళు మూసుకుని, ఒక్కదాన్ని పిలిచి ఆధార్ అడిగినట్టుంది.

“హమ్మామ్ మగ. సలాసతు హమ్మామాత్. టికెట్ పడ్తది.”

పెద్దాయన కర్ర కదిలింది. ఎక్కువమంది ఇక్కడే పడతారు, ‘ఆత్’ చూసి మోసపోతారు అని మేడమ్‌తో అన్నాడు. టికెట్ అంటే ఏమిటని మాత్రం నన్ను అడిగాడు. లోకల్ పద్ధతి అన్నాను. 

బస్సు భాష విన్నాడు కదా, రెండో ప్రశ్న బస్సు మీదే అడిగాడు. నలుగురు డ్రైవర్లు. సాయిఖ్ అంటే డ్రైవర్, మగ, ఇందులో మోసం లేదు, చొక్కా లేదు, ఏమీ లేదు. నేను లోపల అర్బఅతు సాయిఖీన్, అర్బఅతు సాయిఖీన్ అనుకుంటున్నాను.

“అర్బఉ సాయిఖీన్” అంది కండక్టర్, ఏ మాత్రం తడబడకుండా.

పెద్దాయన కనుబొమలు పైకి పోయాయి. ‘తు’ ఏదమ్మా అని అడిగాడు. ఆమె ఆయన్ను జాలిగా చూసింది. డ్రైవర్‌కు టికెట్ ఎవరు కొడ్తరు సార్ అంది. ఆయన బస్సు నడిపేటాయన, స్టాఫ్ గద, ఆయనకు పాస్ ఉంటది. వెనక నుంచి ఇంకో పిల్ల, కండక్టర్‌కు గుడ తీస్కోరు సార్ అని బలపరిచింది.

నేను గోడకు ఆనుకున్నాను. ప్రపంచంలో అరబీ నేర్చుకునేవాళ్ళు లక్షల రకాలుగా తప్పులు చేసి ఉంటారు. డ్రైవర్‌కు స్టాఫ్ పాస్ ఉందని ‘తు’ తీసేసిన తప్పు మాత్రం ఇల్లందు రూట్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు. మేడమ్ తన కాగితం మీద ఒక ఒప్పు, ఒక తప్పు వేసుకుంది. లెక్కల మనిషి కదా, చెరి సగం అంది. ఇంకొక్కటి అడగండి, దాంతో తేల్చేద్దాం అంది.

పెద్దాయన దిండు సర్దుకున్నాడు. అరబ్బుల బస్సులో స్టాఫ్ పాసులు చెల్లవమ్మా, మగవాడైతే డ్రైవరైనా టికెట్ కొనాలి అని ముందు ఆ సంగతి తేల్చాడు. కండక్టర్ ఒప్పుకోలేదు గానీ తల ఊపింది. తర్వాత ఆయన నన్నూ వాళ్ళనూ కర్రతో చూపించాడు.

“మీరు ఎనమండుగురు, మీ సార్ ఒక్కరు, కలిసి బస్సెక్కిండ్రు. ఎంతమంది ముసాఫిర్లు?”

 శుక్రవారం నన్ను దింపేసిన ప్రశ్నే ఇది. కండక్టర్ మిగతా పిల్లల వైపు ఒకసారి చూసింది. సమానీ ముసాఫిరాత్ వ ముసాఫిర్ అనొచ్చా అని మెల్లగా అడిగింది. ఎనమండుగురు ప్రయాణికురాళ్ళూ, ఒక ప్రయాణికుడూ. తెలివైన ఎత్తు. ఎనమండుగురూ ఉచితంగా పోతారు, నేను వేరే పోతాను. అరబీలో దానికి తప్పు లేదు కూడా. పెద్దాయన నవ్వాడు. అనొచ్చు గానీ నేను అందరినీ కలిపి ఒక్క అంకె చెప్పమంటున్నా అన్నాడు.

కండక్టర్ వెనక్కి తిరిగింది. ఎనమండుగురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. గుసగుసలు వినిపిస్తున్నాయి గానీ మాటలు తెలియడం లేదు. ఒక పిల్ల గట్టిగా తల అడ్డంగా ఊపింది. ఇంకో పిల్ల నా వైపు వేలు చూపించి ఏదో అంది. ఆ తల ఊపిన పిల్ల నన్ను చూసి ఊపడం ఆపింది. నేను ఎక్కడ చూడాలో తెలియక ఫ్యాన్ వైపు చూశాను. అది తిరగడం లేదు.

కండక్టర్ మళ్ళీ ముందుకు తిరిగింది.

“తిస్అతు ముసాఫిరీన్.”

తొమ్మిది. ‘తు’ స్పష్టంగా వినిపించింది. మేడమ్‌కు అరబీ రాదు కాబట్టి, ఏమన్నదండీ, ఒప్పా తప్పా అని పెద్దాయనను అడిగింది. ఆయన జవాబు చెప్పేలోగా కండక్టరే చెప్పింది.

“సార్‌ను దింపం మేడమ్. అందరం టికెట్ తీస్కుంటం.”

పెద్దాయన సహీ హై, ఒప్పే అని కర్రతో నేల మీద కొట్టాడు. మేడమ్ కాగితం మీద ఇంకో ఒప్పు వేసుకుని, సోమవారం కూడా ఇదే గదిలో కూర్చోండి మాస్టారు అంది. నాకు కళ్ళు నిండాయి, అది పిల్లలకు కనిపించకూడదని గబగబా బోర్డు వైపు తిరిగి వాళ్ళు చెప్పిన మాట రాశాను. గుండ్రటి అక్షరం చుట్టాను గానీ దాని మీది రెండు చుక్కలు పెట్టడం మరిచిపోయానట. వెనక నుంచి ఎనమండుగురూ ఒక్కసారే తప్పు పట్టారు.